ధర అడిగినవాళ్ళు టైంపాస్ మనుషులు కారు

ఆన్‌లైన్‌లో చీరలో పచ్చళ్ళో అమ్ముకునేవాళ్ళను వాట్సాప్ యాడ్ గురించి అడగండి. పదిమందిలో ఎనిమిదిమంది చెప్పే మాట ఒకటే. "డబ్బులు పెట్టామండి. మెసేజ్‌లు బోలెడు వచ్చాయి. అందరూ రేటు అడిగి మాయమైపోయారు. అంతా టైంపాస్ జనం." వాళ్ళకు యాడ్లు వేసిపెట్టే కుర్రాళ్ళు దీనికి ఇంకో మాట కలుపుతారు: "మీకు మెసేజ్ యాభై రూపాయలకు పడుతోంది మేడం, అది ఎక్కువ. నేను ఇరవైకి తెప్పిస్తాను." నాలుగేళ్ళుగా చిన్న వ్యాపారుల యాడ్లు చూసిపెడుతున్నవాడిగా చెబుతున్నాను, ఈ రెండు మాటలూ తప్పే. మొదటిది కొనడానికి వచ్చిన మనిషిని అవమానిస్తుంది. రెండోది అమ్మే మనిషిని ముంచుతుంది.

ఈ యాడ్ పనిచేసే తీరు ముందు చూద్దాం. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో చీర ఫోటో కింద వాట్సాప్ బటన్ ఉంటుంది. నొక్కగానే మన నంబరుతో చాట్ తెరుచుకుంటుంది, అందులో పంపడానికి సిద్ధంగా ఒక వాక్యం ఉంటుంది. మనం మార్చకపోతే అది ఎక్కువగా `Hello! Can I get more info on this?` అనే ఇంగ్లిష్ వాక్యమే. చూసినావిడ పంపే బాణం గుర్తు నొక్కితే చాలు, ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యనక్కర్లేదు. మామూలుగా మెటా మన దగ్గర మెసేజ్‌కు ఇంత అని వసూలు చెయ్యదు. యాడ్‌ను జనానికి చూపించినందుకు తీసుకుంటుంది. ఆ ఖర్చును మొదలైన సంభాషణల సంఖ్యతో భాగించి, ఒక్కోటి ఎంతకు పడిందో యాడ్స్ మేనేజర్‌లో చూపిస్తుంది. సంభాషణ మొదలైనట్టు లెక్కేదంటే, ఒక మనిషి మనకు మొదటిసారి మెసేజ్ చెయ్యడం, లేదా కనీసం ఏడు రోజులు మౌనంగా ఉండి మళ్ళీ చెయ్యడం. ఆ తర్వాత ఆమె కొన్నదా, అసలు మనం జవాబిచ్చామా అన్నది ఆ అంకెలో ఉండదు.

అంటే యాభై రూపాయలకు మనం కొన్నది గిరాకీని కాదు. గిరాకీ మన గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టిన చప్పుడును. తలుపు తీసే పని మనదే.

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక అక్క సంగతి చెబుతాను. నిజాం అంచు నూలు చీర, కొరియర్ ఖర్చుతో కలిపి 1,650 రూపాయలు. అన్ని ఖర్చులూ పోను చీరకు ఆమెకు మిగిలేది 450. రోజుకు 500 చొప్పున నాలుగు రోజులు యాడ్ నడిపింది. రెండు వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,360. వచ్చిన సంభాషణలు 40. అమ్ముడైన చీరలు మూడు. మూడు చీరల మీద వచ్చింది 1,350, పెట్టింది 2,360, వెయ్యి రూపాయల పైన చేతి నుంచి పోయింది. "ఫేస్‌బుక్ వాళ్ళు పనికిమాలిన జనాన్ని పంపిస్తున్నారయ్యా, ఆపేద్దామనుకుంటున్నా" అని ఫోన్ చేసింది. ఇరవై రూపాయలకు తెప్పిస్తానన్న కుర్రాడు అప్పటికే ఆమెతో మాట్లాడి ఉన్నాడు.

నేను వెళ్ళి ఆమె ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నలభై చాట్లనూ ఒక్కొక్కటిగా తెరిచి, తెల్లకాగితం మీద మూడే మూడు సంగతులు రాశాం. గిరాకీ మెసేజ్ ఎన్ని గంటలకు వచ్చింది, మనిషి చేత్తో రాసిన మొదటి జవాబు ఎన్ని గంటలకు వెళ్ళింది, చాట్‌లో ఆఖరి మాట ఎవరిది.

పదకొండు చాట్లలో మనిషి జవాబే లేదు. "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, త్వరలో స్పందిస్తాము" అన్న ఆటోమేటిక్ మెసేజ్ వెళ్ళింది, అంతే. అందులో కొందరు ఆ తర్వాత "రేటు?" అని అడిగారు, ఒకామె రెండుసార్లు అడిగింది. ఇంకో పదిహేను చాట్లలో జవాబు రెండు గంటలు దాటాక వెళ్ళింది, చాలావాటికి మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. పావుగంటలోపు జవాబందినవి మిగిలిన 14. అమ్ముడైన మూడు చీరలూ ఆ 14 లోవే. తక్కిన 26 చాట్లలో ఒక్క ఆర్డరూ లేదు.

పద్నాలుగు మందిని చూసి సూత్రం చెప్పకూడదని నాకు తెలుసు. మధ్యాహ్నం మెసేజ్ చేసేవాళ్ళూ రాత్రి చేసేవాళ్ళూ వేరు తరహా మనుషులు కావచ్చు. కానీ ఆ రోజు నా అనుమానం తీర్చిన సంగతి వేరే ఉంది. జవాబు వెళ్ళని ఆ పదకొండు మందికీ అక్క చేత అప్పటికప్పుడు మెసేజ్ పెట్టించాను, ఆలస్యమైనందుకు మన్నించమని, చీర ఇంకా ఉందని. చాలామంది పలకలేదు. రెండుసార్లు రేటు అడిగినావిడ మాత్రం ఐదు నిమిషాల్లో రాసింది: "పర్లేదండి. అదే రంగు వేరేవాళ్ళ దగ్గర తీసుకున్నాను. ఆదివారం ఫంక్షన్ ఉంది."

అక్క ఆ మెసేజ్ చదివి ఫోన్ బల్ల మీద పెట్టేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండుసార్లు రేటు అడిగిన ఆవిడను టైంపాస్ మనిషి అనగలమా? డబ్బు చేతిలో ఉంది, తేదీ దగ్గర పడుతోంది, రంగు మనసులో ఉంది. మనం కట్టిన డబ్బుతోనే మన చీర చూసి, మన దగ్గర జవాబు లేక, ఆ కోరికను ఇంకొకరి దగ్గర తీర్చుకుంది. "రేటు ఎంత" అన్నది పరిచయం లేని మనిషి అడగగలిగిన మొదటి ప్రశ్న. బజారులో కొట్టు మెట్లెక్కిన ఎవరైనా అడిగేది అదే కదా. అక్కడ కొట్టువాళ్ళు "రేటు అడుగుతోంది, ఈమె కొనదు" అనుకోరు. చీర మడత విప్పి ముందు పరుస్తారు. అదే మనిషి ఫోన్‌లో అడిగేసరికి ఎందుకు పనికిమాలినదైపోయింది?

దీనికి ఎదురుమాట ఒకటుంది, అందులో కొంత నిజం ఉంది కనుక దాటవెయ్యను. వేలు తగిలి బటన్ నొక్కినవాళ్ళు ఉంటారు. ఊరికే తెలుసుకుందామని అడిగేవాళ్ళు ఉంటారు. పైగా యాడ్ పెట్టేటప్పుడు సంభాషణలు ఎక్కువ కావాలని లక్ష్యం పెడితే, మెటా వ్యవస్థ తేలిగ్గా చాట్ తెరిచే అలవాటున్న జనాన్నే వెతికి పట్టుకొస్తుంది. మన చీర డబ్బు యూపీఐలో వస్తుంది, ఆ సంగతి మనం తెలియజేస్తే తప్ప దానికి తెలియదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే దానికి మందు మెసేజ్ రేటు తగ్గించడమా? ఇరవై రూపాయలకు తెప్పిస్తానన్న కుర్రాడు ఏం చేస్తాడో చూడండి. యాడ్‌లో ధర తీసేస్తాడు, రాష్ట్రమంతా తెరుస్తాడు, ఫోటో మీద ఆఫర్ అని పెద్దక్షరాలు వేస్తాడు. అదే రెండు వేలకు వంద చాట్లు తెస్తాడు. నలభైలో ఇరవై ఆరింటికి వేళకు జవాబివ్వలేకపోయిన ఇంటికి వంద చాట్లు వస్తే ఏమవుతుంది? కొనే మనిషి ఆ వందలో ఇంకా అడుగున పడిపోతుంది. ఒక్కో చాట్ చౌకైంది, ఒక్కో ఆర్డర్ ప్రియమైంది. యాడ్స్ మేనేజర్‌లో మాత్రం అంకె అందంగా కనిపిస్తుంది, ఆ కుర్రాడు దాన్నే స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తాడు.

ఇక ఇంకో దురభిప్రాయానికి వస్తాను. "త్వరగా జవాబివ్వాలి" అనగానే అందరూ ఆటోమేటిక్ గ్రీటింగ్ పెట్టుకుని పని అయిపోయిందనుకుంటారు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఆ గ్రీటింగ్ మనకు మొదటిసారి రాసినవాళ్ళకు, లేదా పద్నాలుగు రోజులుగా మాటల్లేనివాళ్ళకు మాత్రమే వెళుతుంది. నిన్న రాసి ఇవాళ మళ్ళీ అడిగినావిడకు అదీ వెళ్ళదు, ఆమెకు దొరికేది మౌనమే. వెళ్ళినావిడకైనా అందులో ఏముంది? ఆమె ధర అడిగింది, మనం ధన్యవాదాలు చెప్పాం. ప్రశ్నకు జవాబు కాని మాట ఎంత వేగంగా వెళ్ళినా జవాబు కాదు. అంతకంటే చేటు, ఆ గ్రీటింగ్ వెళ్ళిందన్న ధీమాతో అమ్మేమనిషి ఫోన్ చూడడం మానేస్తుంది. అక్క విషయంలో జరిగింది అదే. "మెసేజ్ వెళ్ళిందిగా" అంది నాతో, చాలా అమాయకంగా.

వేగం గురించి ఇంకో మాట. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక వ్యాసాన్ని ఈ రంగంలో చాలామంది ఉదహరిస్తారు. వెబ్‌సైట్‌లో వివరాలడిగినవాళ్ళను గంటలోపు పలకరించిన కంపెనీలకు, ఇంకో గంట ఆలస్యం చేసినవాటికంటే, కొనే నిర్ణయం తీసుకోగల మనిషితో మాటల్లో పడే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువని అందులో ఉంది. ఆ అంకెను తెచ్చి మన చీరల చాట్‌కు అంటించడం నాకు ఇష్టం లేదు. అది కంపెనీల లోకం, ఇది వేరే బజారు. కానీ కారణం మాత్రం ఇక్కడ ఇంకా బలంగా ఉంది. మన గిరాకీ రీల్స్ చూస్తూ చూస్తూ మధ్యలో ఆగింది. ఆ చీర మీద ఆమెకు పుట్టిన ఇష్టం వయసు నిమిషాల్లోనే ఉంటుంది. ఇంకో నాలుగు వీడియోలు జరిగేలోపు ఇంకో చీర కనిపిస్తుంది. పొద్దున్న మనం "హాయ్ అండి" అంటే, ఏ చీర గురించో ఆమె వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోవాలి.

అక్క కాగితంలో మరో సంగతి బయటపడింది. సగానికి పైగా చాట్లు రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య వచ్చాయి. ఆడవాళ్ళు పని తెముల్చుకుని ఫోన్ పట్టుకునే వేళ అది. అక్క వంటింట్లో ఉండే వేళా అదే, తొమ్మిదిన్నరకు ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి పడుకునే వేళా అదే. యాడ్ మాత్రం రాత్రంతా ఆమె డబ్బుతో తిరుగుతోంది.

రెండోసారి అదే రెండు వేలు పెట్టాం. ఈసారి రోజువారీ బడ్జెట్ కాకుండా మొత్తం కాలానికి కలిపి బడ్జెట్ ఇచ్చాం, అలా ఇస్తే యాడ్ ఏ రోజు ఏ గంటల్లో నడవాలో ఎంచుకోవచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు, రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర. రాత్రి పూట ఫోన్ చూసే పని ఆమె తోడికోడలి కూతురు తీసుకుంది, డిగ్రీ చదువుతోంది. వాట్సాప్ బిజినెస్ ఒకే నంబరును ఇంకో నాలుగు పరికరాల్లో తెరవనిస్తుంది కనుక అక్క ఫోన్ అక్క దగ్గరే ఉండగా ఆ పిల్ల తన లాప్‌టాప్‌లో జవాబులిచ్చింది. రాత్రి తెచ్చిన ఒక్కో ఆర్డర్‌కు యాభై రూపాయలని ఒప్పందం.

యాడ్‌లోనే ధర రాశాం. ఇది చెప్పగానే చాలామంది ఉలిక్కిపడతారు, ధర రాస్తే మెసేజ్‌లు తగ్గిపోతాయని. తగ్గుతాయి, తగ్గాలి కూడా. 1,650 అని చూసి ఆగిపోయే మనిషి చాట్‌లో 1,650 అని చదివినా ఆగిపోతుంది. ఆ ఆగడమేదో మన సమయం తినకముందే జరగనివ్వాలి. సిద్ధంగా ఉండే వాక్యాన్ని కూడా మార్చాం: "ఈ నిజాం అంచు చీరలో ఏ రంగులు ఉన్నాయి? మా ఊరికి ఎన్ని రోజుల్లో వస్తుంది?" చదివి పంపే మనిషి తన ప్రశ్నే అడిగినట్టుంటుంది, జవాబిచ్చేవాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇక జవాబు. అక్క మొదట్లో ఏం చేసేదంటే, రేటు అడిగితే ముప్ఫై ఫోటోలు పంపేది. అవి దిగేసరికి చూసేమనిషికి విసుగు పుట్టేది. దాని బదులు క్విక్ రిప్లైలో ఒక మెసేజ్ దాచాం. `/cheera` అని కొట్టగానే వస్తుంది, పంపేముందు రంగు పేరు మాత్రం మార్చుకోవాలి. "నమస్తే అండి. మీరు చూసిన ఆకుపచ్చ చీర ధర 1,650, కొరియర్ కలిపే. బ్లౌజ్ గుడ్డ చీరలోనే ఉంది. ఇప్పుడు ఆకుపచ్చ, మెరూన్ రెండూ ఉన్నాయి. మీకు ఏ ఊరికి పంపాలండి?" దీని వెంట ఎండవెలుగులో తీసిన ఒక్క ఫోటో. అంతే.

ఆఖరి ప్రశ్న చూడండి. కొంటారా అని అడగలేదు. ఊరి పేరు చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఆమె "హన్మకొండ" అని రాసిందంటే తన చేత్తో మొదటి మాట రాసినట్టు, అక్కడి నుంచి అది సంభాషణ. ఊరు తెలిస్తే ఎన్ని రోజుల్లో అందుతుందో ఖచ్చితంగా చెప్పొచ్చు. పాత చాట్లలో పావుగంటలోపు జవాబు వెళ్ళి కూడా ఆగిపోయిన పదకొండింటిని మళ్ళీ చూస్తే, ఎక్కువవాటిలో ఆఖరి మాట అక్కదే. "1650 అండి" అని చెప్పి ఊరుకుంది. ధర చెప్పి ఊరుకుంటే అవతలి మనిషికి రెండే దారులు, సరే అనడం లేదా మాయమవడం. అక్కడ జవాబు వేళకే వెళ్ళింది కానీ మాట ముందుకు వెళ్ళే దారి లేదు.

తర్వాత వచ్చే అనుమానం చేనేతేనా అని, దాని వెనకే డబ్బు ముందు కట్టాలా అని. మొదటిదానికి చీర మగ్గం మీద ఉండగా తీసిన పన్నెండు సెకన్ల వీడియో సిద్ధంగా ఉంచాం. రెండోది నిజంగా కష్టమైనది. ముక్కూమొహం తెలియని నంబరుకు పదహారు వందల యాభై యూపీఐ చెయ్యమంటే భయపడడం న్యాయమే. అక్క క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వలేదు, తిరిగొచ్చిన ఒక్కో పార్సిల్ రానుపోను ఖర్చు ఆమే మొయ్యాలి. కనుక 200 అడ్వాన్స్, ప్యాక్ చేసేముందు ఆ చీరనే చూపిస్తూ చిన్న వీడియో, మిగతాది వీడియో చూశాక. "నేను వీడియో కాల్‌లో చూపిస్తానండి, ఇప్పుడే" అన్న మాట ఎక్కువ పనిచేసింది. ఆ రాత్రి పిల్ల లాప్‌టాప్ పక్కన పెట్టి ఫోన్‌తో చీర దండెం మీద పరిచి చూపించడం నేను చూశాను. అవతల ఒక పెద్దావిడ, "అంచు కాస్త దగ్గరగా చూపించమ్మా" అంటోంది. ఆమె రెండు చీరలు తీసుకుంది.

సరే అన్నాక ఆలస్యం చెయ్యడం ఇంకో గొయ్యి. "ఓకే" అని వచ్చాక పూర్తి అడ్రస్, పిన్‌కోడ్, ఫోన్ నంబర్, కట్టాల్సిన మొత్తం, యూపీఐ వివరం, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో వెళ్ళాలి. ఒక్కోటి ఒక్కో గంటకు అడిగితే ఆమె మనసు మధ్యలో మారిపోయే అవకాశం మనమే ఇచ్చినట్టు. కట్టనివాళ్ళకు మర్నాడు ఒక్కసారి గుర్తు చేస్తాం, చీర సాయంత్రం దాకా పక్కన పెట్టామని. అది నిజంగా పక్కన పెట్టి ఉండాలి. రెండోసారి గుర్తు చెయ్యం. విసిగించిన నంబరును బ్లాక్ చెయ్యడం ఒక్క నొక్కు పని.

రెండో విడతలో వచ్చిన సంభాషణలు 28. ఒక్కోటి 71 రూపాయలకు పడింది. మునుపటి కంటే ఇరవైకి పైగా ఎక్కువ, ఆ కుర్రాడి లెక్కలో ఇది ఘోరమైన యాడ్. అమ్ముడైన చీరలు ఏడు. ఏడు చీరల మీద 3,150, అందులోంచి యాడ్ ఖర్చు 2,360, రాత్రి తెచ్చిన నాలుగు ఆర్డర్లకు పిల్లకిచ్చిన 200 తీసేస్తే అక్కకు మిగిలింది 590. పెద్ద సొమ్ము కాదు. ఏ మార్పు వల్ల ఎంత పెరిగిందో విడదీసి చెప్పలేను కూడా, అన్నీ ఒకేసారి మార్చాం. కానీ వెయ్యి నష్టం ఆగి ఆరువందలు చేతికొచ్చాయి. అలా కొన్నవాళ్ళలో ఇద్దరు తర్వాత యాడ్ ఖర్చు లేకుండానే మళ్ళీ కొన్నారు.

వేగం అన్నింటినీ కాపాడుతుందని నేను అనను. ధర బజారు కంటే ఎక్కువుంటే, ఫోటోలో రంగు ఒకటై పంపే చీర రంగు ఇంకొకటైతే, రెండు నిమిషాల్లో జవాబిచ్చినా తిరస్కారం రెండు నిమిషాల్లోనే వస్తుంది. అదీ తెలుసుకోదగ్గ సంగతే. వెంటనే జవాబిచ్చి, ప్రశ్నతో ముగించి, అయినా ఇరవై మంది వరసగా ధర దగ్గరే ఆగిపోతే అప్పుడు ధరను అనుమానించాలి, లేదా యాడ్ చూస్తున్న జనాన్ని అనుమానించాలి. జవాబులే వెళ్ళని చోట నుంచి ఆ అనుమానానికి దూకడం మాత్రం అన్యాయం.

మీరు కూడా ఇలాంటి యాడ్ నడుపుతుంటే, ఎవరికో డబ్బిచ్చి మెసేజ్ రేటు తగ్గించే ముందు ఒక గంట కేటాయించండి. యాడ్ నుంచి వచ్చిన పాత చాట్లు తెరవండి. ఆఖరి మాట గిరాకీది అయి ఉన్న చాట్లు ఎన్నో లెక్కపెట్టండి. ఆ లెక్క తేలేదాకా కొత్త యాడ్‌కు డబ్బు కట్టకండి.